వాళ్ళ ముఖాలే చూశాను, ఎటో చూస్తున్నానన్నారు

ప్రశ్న: నేను బీకామ్ చదివి రెండేళ్ళు ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేశాను. వచ్చే గురువారం మధ్యాహ్నం మూడింటికి బెంగళూరు కంపెనీతో జూమ్‌లో ఇంటర్వ్యూ ఉంది. పోయిన నెల ఇలాంటిదే ఒకటి చెడిపోయింది. హాల్లో కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లగా ఉందన్నారు, రోడ్డు చప్పుడు వస్తోందన్నారు. అన్నిటికన్నా బాధపెట్టింది ఏంటంటే, "ఎటో చూస్తున్నారు, ఏమైనా పెట్టుకుని చదువుతున్నారా?" అని అడిగారు. నేను స్క్రీన్ మీద వాళ్ళ ముఖాలే చూశాను! మాది రెండు గదుల ఇల్లు. హాల్ కిటికీ పడమర రోడ్డు వైపు, పడగ్గది కిటికీ ఉత్తరం వైపు. అద్దాలు పెట్టుకుంటాను. ల్యాప్‌టాప్ పాతది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉన్నాయి. రింగ్ లైట్, వెబ్‌క్యామ్ కొనమని తమ్ముడు అంటున్నాడు. కొనాలా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం:

ఆ రెండూ కొనకండమ్మా. డబ్బు పెట్టాల్సింది ఒక్కదానికే: మైక్ ఉన్న మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్. అవి కూడా ఇంట్లో ఎవరి దగ్గరో ఉండే ఉంటాయి. మిగతా పని మీ పడగ్గదిలో బల్ల ఎటు తిప్పి వేస్తారన్న దాని మీదే ఆధారపడి ఉంది. అకౌంట్స్ ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేసే పనిలో నేను చాలా ఏళ్ళు స్క్రీన్‌కు అవతలి వైపు కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే ఏం కనపడుతుందో తెలుసు కాబట్టి, మీ మనసులో ముల్లులా ఉన్న మాటతోనే మొదలుపెడతాను.

మీరు అబద్ధం చెప్పలేదు, అడిగినాయనా ఊరికే అనలేదు. మీ కళ్ళు వాళ్ళ ముఖాల మీదే ఉన్నాయి. కానీ ఆ ముఖాలు ఉన్న చోట కెమెరా లేదు. అది స్క్రీన్ పైఅంచున ఉంది. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, జూమ్‌ను స్క్రీన్ నిండా తెరిచి, ముగ్గురు మాట్లాడుతుంటే ముగ్గురివీ మూడు గడులు పడతాయి. ఒకాయన ఎడమ పక్క, ఒకావిడ కుడి పక్క, ఇంకొకరు కింద. మీరు మర్యాదగా ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు చూశారు. అవతల వాళ్ళకు మాత్రం మీ కళ్ళు ఒకసారి అటు, ఒకసారి ఇటు, ఒకసారి కిందకు వెళ్ళడమే కనపడింది. కాగితం మీద వరుసలు చదివేవాళ్ళ కళ్ళు కూడా సరిగ్గా అలాగే కదులుతాయి. అందుకే ఆ అనుమానం.

దీని మీద ఒక మంచి పరిశోధన ఉంది. 2002లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మిల్టన్ చెన్ అనే పరిశోధకుడు, వీడియోలో ఎదుటి మనిషి మన కళ్ళలోకి చూస్తున్నాడని ఎప్పుడు అనిపిస్తుందో పరీక్షించి చూశాడు. ఆయనకు తేలింది ఏమిటంటే, చూపు కెమెరాకు పక్కకు గానీ పైకి గానీ కొద్దిగా జరిగినా చూసేవాళ్ళు పట్టేస్తారు. కిందకు జరిగితే మాత్రం అంత తొందరగా పట్టుకోలేరు. కెమెరాకు సుమారు 5 డిగ్రీల కింద వరకు చూసినా, నేరుగా చూస్తున్నట్టే అనిపిస్తుంది.

ఈ 5 డిగ్రీలను మీ బల్ల మీదికి తెచ్చుకుందాం. మీరు స్క్రీన్‌కు 60 సెంటీమీటర్ల దూరంలో, అంటే చెయ్యి చాపితే వేళ్ళు స్క్రీన్‌కు తగిలేంత దూరంలో కూర్చుంటే, 5 డిగ్రీలు అంటే కెమెరాకు కింద సుమారు 5 సెంటీమీటర్లు. మూడు వేళ్ళ వెడల్పు అనుకోండి. ఎదుటి మనిషి కళ్ళు మీ స్క్రీన్ మీద ఆ మూడు వేళ్ళ లోపల, కెమెరాకు తిన్నగా కింద ఉంటే చాలు. మీరు వాళ్ళ ముఖమే చూడొచ్చు, వాళ్ళకు మీరు కళ్ళలోకి చూస్తున్నట్టే ఉంటుంది. ఇంకో పది, పదిహేను సెంటీమీటర్లు వెనక్కి జరిగితే మరో సెంటీమీటరు వెసులుబాటు దొరుకుతుంది. అంతకన్నా వెనక్కి వెళ్తే ముఖం చిన్నదైపోయి, కళ్ళే కనపడవు.

చేయాల్సింది ఇది. కాల్ మొదలవగానే జూమ్‌ను ఫుల్ స్క్రీన్ నుంచి బయటకు తీసుకురండి. మాట్లాడేవాళ్ళు ఒక్కరే కనపడేలా Speaker view పెట్టుకోండి. ఇప్పుడు ఆ విండోను మూల పట్టుకుని అరచేయంత చిన్నది చేసి, స్క్రీన్ పైఅంచుకు ఆనించి, కెమెరాకు సరిగ్గా కిందకు జరపండి. ముగ్గురిలో ఎవరు మాట్లాడినా వాళ్ళ ముఖం అక్కడికే వస్తుంది. మీ కళ్ళు పక్కలకు పరుగెత్తే అవసరమే ఉండదు. తర్వాత మీ సొంత బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి Hide Self View నొక్కండి. అందరికీ మీరు కనపడుతూనే ఉంటారు, మీకు మాత్రం మీరు కనపడరు. ఇది చేయకపోతే ఎంత గట్టి మనిషికైనా చూపు తన బొమ్మ మీదకే పోతుంది. జుట్టు సర్దుకోవడం, మెడ తిప్పి చూసుకోవడం అక్కడి నుంచే మొదలవుతాయి.

ఇంకో చిన్న పని. కెమెరా రంధ్రం పక్కన, రంధ్రానికి తగలకుండా, ఒక ఎర్ర బొట్టుబిళ్ళ అంటించండి. కెమెరా వైపు చూడాలని ఎంత అనుకున్నా, టెన్షన్‌లో నల్లటి అంచులో ఆ నల్లటి చుక్క ఎక్కడుందో కంటికి దొరకదు. ఎర్ర బొట్టు దొరుకుతుంది. జవాబు మొదటి వాక్యం, చివరి వాక్యం దాన్ని చూసి చెప్పండి. మధ్యలోనూ వాళ్ళు మాట్లాడేటప్పుడూ కిందనున్న ముఖం చూడండి. లెక్క గుర్తు చేసుకుంటూ ఒక క్షణం చూపు పక్కకు పోతే పోనివ్వండి. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడూ అందరం అలాగే చేస్తాం. గంటసేపు రెప్ప వేయకుండా కెమెరానే చూసేవాళ్ళను కూడా నేను చూశాను, మాట్లాడటం కష్టమైపోతుంది.

నోట్స్ మాత్రం వద్దు. స్క్రీన్ చుట్టూ చీటీలు అంటించుకుని జవాబులు చెప్పేవాళ్ళు మాకు వెంటనే తెలిసిపోతారు. కళ్ళు ఎడమ నుంచి కుడికి చిన్న చిన్న గెంతులు వేస్తాయి, గొంతు కూడా చదువుతున్న గొంతులా మారిపోతుంది. జీఎస్‌టీ రిటర్న్‌లలో మీరు స్వయంగా ఏం చేశారో చెప్పడానికి మీకు చీటీ అక్కర్లేదు.

ఈ 5 డిగ్రీల లెక్క పనిచేయాలంటే కెమెరా మీ కళ్ళ ఎత్తులో ఉండాలి. ల్యాప్‌టాప్‌ను ఊరికే బల్ల మీద పెడితే కెమెరా బల్లకు దాదాపు 22 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ళు బల్లకు 40, 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఆ తేడాను సరిచేయడానికి మనం స్క్రీన్‌ను వెనక్కి వాలుస్తాం. అప్పుడు కెమెరా మీ గడ్డాన్ని, ముక్కు రంధ్రాలను, వెనకాల తిరుగుతున్న ఫ్యానును చూస్తుంది. మీరు పరీక్షించుకున్నప్పుడు మీ తల వెనక ఫ్యాను రెక్కలు గానీ సీలింగ్ గానీ కనపడితే, కెమెరా కిందుందని అర్థం. మీ బీకామ్ పుస్తకాలు 20 సెంటీమీటర్ల ఎత్తు పేర్చి, వాటి మీద ల్యాప్‌టాప్ పెట్టి, స్క్రీన్‌ను నిటారుగా నిలపండి. పేర్చేటప్పుడు పెద్ద పుస్తకాలు కింద వేయండి. మంచం మీద మాత్రం పెట్టొద్దు, మీరు కదిలినప్పుడల్లా బొమ్మ ఊగుతుంది. ఫ్రేములో మీ తల పైన రెండు వేళ్ళ ఖాళీ, కింద ఛాతీ వరకు కనపడితే సరిపోతుంది.

అంత ఎత్తులో టైప్ చేయడం కుదరదు. అకౌంట్స్ ఉద్యోగం కాబట్టి ఎక్సెల్‌లో ఏదైనా చేసి చూపించమని అడగొచ్చు. తమ్ముడి దగ్గర విడి కీబోర్డు, మౌస్ ఉంటే తెచ్చి కింద బల్ల మీద పెట్టుకోండి. లేకపోతే, "ఒక్క క్షణం, ల్యాప్‌టాప్ కిందకు దించుతాను" అని చెప్పి దించి టైప్ చేయండి. ఆ సమయంలో వాళ్ళు మీ ముఖాన్ని కాదు, షీటునే చూస్తుంటారు.

ఇక వెలుతురు. హాల్లో ఏం జరిగిందో తెలిస్తే పడగ్గదిలో ఏం చేయాలో మీకే తడుతుంది. ల్యాప్‌టాప్ కెమెరా తనంతట తానే వెలుతురును సరిచేసుకుంటుంది. కానీ అది మీ ముఖాన్ని ఒక్కదాన్నే చూసి సరిచేయదు, బొమ్మ మొత్తం చూస్తుంది. వెనక పడమటి కిటికీ, మధ్యాహ్నం మూడింటి ఎండ. బొమ్మలో సగం తెల్లగా మండుతుంటే, 'వెలుతురు మరీ ఎక్కువైంది' అనుకుని అంతా తగ్గించేస్తుంది. ఆ తగ్గింపులో మీ ముఖం నల్లబడిపోయింది. అందులో మీ ఛాయ తప్పేమీ లేదు. అక్కడ ఎవరు కూర్చున్నా నీడలాగే కనపడతారు.

పడగ్గది ఉత్తరం కిటికీ మీకు అచ్చంగా కావలసిన కిటికీ. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ భాగం ఉత్తరం కిటికీలోంచి నేరుగా ఎండ పడదు, ఆకాశం వెలుతురే వస్తుంది. ఫొటో స్టూడియోలో తెల్ల గొడుగు పెట్టి తెచ్చుకునే మెత్తటి వెలుతురు ఇదే. వేసవి నెలల్లో ఏటవాలుగా కొంచెం ఎండ పడితే, కిటికీకి ఒక పలచటి తెల్ల పంచె కట్టండి. బల్లను కిటికీ వైపుకు జరిపి, కిటికీ మీ ముఖం ముందు వచ్చేలా, ల్యాప్‌టాప్ మీకూ కిటికీకీ మధ్య ఉండేలా వేసుకోండి.

కానీ మీకు అద్దాలున్నాయి. కిటికీ సరిగ్గా ఎదురుగా ఉంటే అద్దాల్లో రెండు తెల్ల చతురస్రాలు మెరుస్తాయి, కళ్ళు వాటి వెనక దాక్కుంటాయి. అందుకే బల్లను కొద్దిగా తిప్పండి. కిటికీ మీ ముక్కుకు నేరుగా కాకుండా, ఒక పక్కగా 45 డిగ్రీల్లో ఉండాలి. గడియారం భాషలో చెప్పాలంటే, ల్యాప్‌టాప్ పన్నెండు దగ్గర ఉంటే కిటికీ పది, పదకొండు మధ్యలో ఉండాలి. అద్దం మీద పడిన వెలుతురు అప్పుడు కెమెరా వైపు కాకుండా పక్కకు పోతుంది. అవతలి చెంప మీద నీడ మరీ ఎక్కువగా ఉంటే ఆ పక్కన కుర్చీ వీపు మీద ఒక తెల్ల దుప్పటి వేయండి, కిటికీ వెలుతురు దాని మీద పడి తిరిగి ముఖం మీదకు వస్తుంది. స్క్రీన్ వెలుగు కూడా అద్దాల్లో నీలంగా మెరుస్తుంది. బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, వెనక తెల్లటి పేజీలేవీ తెరిచి ఉంచకండి. రింగ్ లైట్ వద్దన్నది అద్దాల వల్లే. అది పెడితే రెండు కళ్ళ మీద రెండు వెలుగు చక్రాలు కనపడతాయి.

మబ్బు పడితే? కరెంటు ఉంటే మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఉన్న టేబుల్ లైట్ సరిపోతుంది. దాన్ని మీ ముఖం మీదకు తిప్పకుండా, మీకు ఎదురుగా ఉన్న గోడ వైపు తిప్పండి. సున్నం వేసిన గోడ మీద పడి తిరిగొచ్చే వెలుతురు మెత్తగా ఉంటుంది. ఒక్క సీలింగ్ ట్యూబ్‌లైట్‌నే నమ్ముకోవద్దు, పై నుంచి పడే వెలుతురుకు కనుబొమ్మల కింద గుంటలు పడ్డట్టు నీడలొస్తాయి. కొత్త వెబ్‌క్యామ్ విషయం కూడా ఇక్కడే తేలిపోతుంది. పాత కెమెరా బొమ్మ మసకగా, కదిలినప్పుడు అలికినట్టు కనపడుతోందంటే ఎక్కువసార్లు దానికి కారణం చీకటే. చాలినంత వెలుతురు లేనప్పుడు కెమెరా ఒక్కో బొమ్మను ఎక్కువసేపు తీస్తుంది, ఆ వ్యవధిలో మీరు కదిలితే అలుకుతుంది. కిటికీ ముందు కూర్చుంటే అదే కెమెరా వేరే కెమెరాలా పనిచేస్తుంది. దానికన్నా ముందు అద్దాలు తుడుచుకునే బట్టతో కెమెరా రంధ్రాన్ని ఒకసారి తుడవండి. పాత ల్యాప్‌టాప్‌ల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న వేలి జిడ్డు ఉంటుంది.

వెనక ఏముందో ఒకసారి చూడండి. పడగ్గదిలో అద్దం ఉన్న బీరువా ఉంటే అది ఫ్రేములోకి రాకూడదు, కిటికీ మొత్తం అందులో మెరుస్తుంది. తలుపు మీ వెనక కాకుండా మీకు కనపడేలా ఉంటే మంచిది, ఎవరైనా వస్తే కెమెరాకన్నా ముందు మీరు చూస్తారు. ఖాళీ గోడ చాలు. వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ జోలికి వెళ్ళొద్దు, పాత ల్యాప్‌టాప్ దానికే ఆయాసపడిపోతుంది, మీ జడ, చెవులు మాయమై మళ్ళీ వస్తుంటాయి.

ఇప్పుడు చప్పుడు. బొమ్మ కాస్త బాగోకపోయినా ఇంటర్వ్యూ నడుస్తుంది. మాట సరిగ్గా వినపడకపోతే పది నిమిషాలకే అవతలివాళ్ళకు విసుగొస్తుంది. ప్రతి రెండో జవాబుకీ "మళ్ళీ చెప్తారా?" అని అడగాల్సి వస్తే, మీరు చెప్పింది ఎంత బాగున్నా గుర్తుండదు. అందుకే ఇయర్‌ఫోన్స్ మాట మొదట చెప్పాను.

ల్యాప్‌టాప్ మైక్ మీ నోటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. వైర్ ఇయర్‌ఫోన్ మైక్ 15 సెంటీమీటర్లలో ఉంటుంది. దూరం నాలుగో వంతైతే మీ గొంతు శక్తి దాదాపు పదహారు రెట్లు ఎక్కువగా అందుతుంది. రోడ్డు మీది హారన్ మాత్రం అంతే ఉంటుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఇంత సులువుగా ఈ తేడా తేలేదు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పాటలకు బాగుంటాయి. అందులోని మైక్ వాడటం మొదలుపెట్టగానే చాలా ల్యాప్‌టాప్‌లలో అవి ఫోన్ కాల్ పద్ధతికి మారిపోయి, గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు అవుతుంది. ఛార్జింగ్ అయిపోతుందన్న భయం ఒకటి.

ఇయర్‌ఫోన్స్ తీసుకునే ముందు పిన్ను చూడండి. దాని మీద మూడు గీతలుంటే మైక్ ఉన్నట్టు, రెండే ఉంటే అది వినడానికి మాత్రమే. మీ పాత ల్యాప్‌టాప్‌కు ఇయర్‌ఫోన్‌కూ మైక్‌కూ వేరువేరు రంధ్రాలుంటే మధ్యలో ఒక స్ప్లిటర్ కావాలి, మొబైల్ షాపుల్లో దొరుకుతుంది. పెట్టుకున్నాక మైక్ బొడిపె చున్నీకి గానీ గొలుసుకు గానీ రాసుకోకుండా చూడండి. మీకు వినపడని ఆ గరగర అవతలివాళ్ళ చెవుల్లో ఇసుక పోసినట్టు ఉంటుంది. వైర్‌ను కాలర్‌కు చిన్న పిన్నుతో బిగించండి.

ఫ్యాను విషయంలో చాలామంది పొరపడతారు. ఒకే తీరున వచ్చే ఫ్యాను హోరును జూమ్ బాగానే తీసేస్తుంది. ఫ్యాను గాలి నేరుగా మైక్‌కు కొట్టే చప్పుడు అంత తేలిగ్గా పోదు. చెమటలు పట్టేలా ఫ్యాను ఆపక్కర్లేదు, స్పీడు తగ్గించండి. కూలర్ మాత్రం ఆపండి. జూమ్ సెట్టింగ్స్‌లో Audio కింద చప్పుడు తగ్గించే ఆప్షన్ ఉంటుంది. Auto మీదే ఉంచండి. High పెడితే కుక్కర్ విజిల్‌తో పాటు మీ మాటల్లో మెల్లగా పలికే మొదటి అక్షరాలు కూడా మింగేస్తుంది. ఇంకో మాట, పక్క గదిలో మనుషులు మాట్లాడుకుంటుంటే అది ఏ సెట్టింగ్‌కూ పూర్తిగా లొంగదు, అదీ మనిషి గొంతే కాబట్టి. దానికి మందు ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పడం. అమ్మగారికి రెండూ ముప్పావు నుంచి నాలుగు దాకా మిక్సీ, కుక్కర్, టీవీ వద్దని చెప్పండి. అంతకుముందు రోజే చెప్పి, పొద్దున మళ్ళీ గుర్తు చేయండి. కాలింగ్ బెల్ స్విచ్ ఆపేయండి. పడగ్గదిలో పరుపు, దిండ్లు, బట్టలు ఉన్నాయి కదా, అవి గొంతు ప్రతిధ్వనించకుండా పీల్చుకుంటాయి. హాల్లో ఖాళీ గోడలు, గచ్చు వల్ల వచ్చే గుయ్ మనే మోత ఇక్కడ ఉండదు.

అయినా మూడున్నరకు మైకు పెట్టుకుని ఉల్లిపాయల బండి రావచ్చు. వస్తే, మీరు వింటున్న సమయమైతే మ్యూట్ చేయండి. మాట్లాడుతున్న సమయమైతే గొంతు పెంచి పోటీ పడొద్దు. "క్షమించండి, వీధిలో బండి వెళ్తోంది, పది సెకన్లు" అని ఒక్క మాట చెప్పి ఆగండి. పోయిన తర్వాత ఆపిన వాక్యం మొదటి నుంచి చెప్పండి. దీనికి ఎవరూ మార్కులు తగ్గించరు. ఏమీ జరగనట్టు చప్పుడులోనే మాట్లాడుకుంటూ పోతేనే ఇబ్బంది.

ఇవన్నీ గురువారం మధ్యాహ్నం మొదటిసారి చేయొద్దు. బుధవారం సరిగ్గా మూడింటికి, అదే వెలుతురులో, అదే కుర్చీలో, అదే బట్టలు వేసుకుని చూడండి. ముందు విండోస్‌లోని Camera యాప్‌లో రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసుకోండి. కళ్ళు కనపడుతున్నాయా, అద్దాలు మెరుస్తున్నాయా, వెనక ఫ్యాను వచ్చిందా చూడండి. తర్వాత zoom.us/test తెరిచి మైక్, స్పీకర్ పరీక్షించండి, సరైన మైక్ ఎంచుకుందో లేదో అక్కడే తెలుస్తుంది. చివరగా తమ్ముడిని వేరే ఇంటి నుంచి ఫోన్‌లో జూమ్‌లోకి రమ్మని, మీరు మాట్లాడేటప్పుడు స్క్రీన్ రికార్డు చేయమనండి. మీరు కింద ముఖాన్ని చూసినప్పుడూ, బొట్టుబిళ్ళను చూసినప్పుడూ తేడా తెలుస్తోందా అని అడగండి. తెలియకపోతే విండో సరైన చోటే ఉంది. తెలుస్తోందంటే ఇంకా పైకి జరపండి. కరెంటు పోయే అవకాశం ఉంటే, అదే సమయంలో వైఫై ఆపేసి ఫోన్ హాట్‌స్పాట్‌కు మారి చూసుకోండి. ల్యాప్‌టాప్ ఛార్జింగ్ నిండుగా ఉంటే కిటికీ వెలుతురుకు కరెంటుతో పని లేదు.

కాల్ ముగిసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. వాళ్ళు "థాంక్యూ" అనగానే చాలామంది చూపు దించేసి Leave బటన్ కోసం వెతుకుతుంటారు, వాళ్ళకు చివరగా కనపడేది ఆ వెతుకులాటే. మీరు బొట్టుబిళ్ళను చూసి థాంక్స్ చెప్పి, ఒక క్షణం ఆగి, అప్పుడు బటన్ నొక్కండి. విండో పూర్తిగా మూసుకునే వరకు ఇంట్లోవాళ్ళతో మాట్లాడకండి, అప్పటిదాకా మైక్ పనిచేస్తూనే ఉంటుంది.